కిలో బియ్యానికి ఎంత?



రోజూ 5 మందికి వండే ఇల్లాలు ఏ వ్రతానికో, పుట్టినరోజుకో 40 మందికి వండాల్సి వస్తే ముందుగా వేసే లెక్క ఒకటుంది. ఐదెనిమిదుల నలభై. కాబట్టి ఇంట్లో వేసే ప్రతి సరుకూ ఎనిమిది రెట్లు వేస్తే సరిపోతుందని. లెక్కగా చూస్తే అందులో తప్పేమీ లేదు. కానీ ఆ లెక్కతో వండిన పులిహోర చూడండి. అన్నం ముద్ద ముద్దగా ఉంటుంది. ఇంగువ ఘాటు నోట్లోకి రాకముందే ముక్కుకు తగులుతుంది. విస్తరిలో నూనె కారుతుంది. పొయ్యి మీద పులుసు గంటసేపు ఉడికినా దగ్గరపడదు. అన్నీ ఒకే అంకెతో గుణించడం వల్ల వచ్చే చిక్కులివి.

ఈ రోజు చింతపండు పులిహోర ఒక్కదాన్నే తీసుకుని, 5 మందికి సరిపడే సరుకుల పట్టికను 40 మందికి ఎలా పెంచాలో, తర్వాత అదే పట్టికను ఇద్దరికి ఎలా తగ్గించాలో చెబుతాను. వీలైతే కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందు ఇంటి కొలతలు రాసుకుందాం. 5 మందికి టిఫినుగా పెట్టే పులిహోరకు బియ్యం అర కిలో. చింతపండు 75 గ్రాములు. నూనె 100 మిల్లీలీటర్లు. ఉప్పు 18 గ్రాములు, అంటే చిన్న చెంచాతో తలకొట్టి 3 చెంచాలు. పచ్చిమిర్చి 8, ఎండుమిర్చి 6. వేరుశనగ గుళ్ళు 60 గ్రాములు. శనగపప్పు 30 గ్రాములు, మినప్పప్పు 15 గ్రాములు. ఆవాలు ఒక చెంచా, పసుపు ఒక చెంచా, ఇంగువ పావు చెంచా. కరివేపాకు మూడు నాలుగు రెబ్బలు.

ఇప్పుడు ఈ పట్టికను పెంచే ముందు ఒక పని చెయ్యాలి. మనుషుల లెక్కను బియ్యం లెక్కలోకి మార్చుకోవాలి. పెళ్ళిళ్ళలో వండే వంటవాళ్ళను గమనించండి. ఎంతమంది వస్తున్నారని మిమ్మల్ని అడుగుతారు కానీ, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది "కిలో బియ్యానికి ఎంత" అనే. దానికి కారణం ఉంది. మనుషులు తినేది ఒకేలా ఉండదు. పులిహోర ఒక్కటే టిఫినుగా పెడితే మనిషికి 100 గ్రాముల బియ్యం కావాలి. అదే పులిహోరను పప్పు, కూర, సాంబారు, పెరుగు ఉన్న విస్తరిలో ఒక పక్కన వడ్డిస్తే మనిషికి 50 గ్రాములు చాలు. కాబట్టి అదే 40 మందికి ఒక చోట 4 కిలోలు పడుతుంది, మరో చోట 2 కిలోలే సరిపోతుంది. తలలు లెక్కపెట్టి గుణించినవాళ్ళకు ఈ రెండింటికీ తేడా తెలియదు. సగం పులిహోర మిగిలిపోయిన ఇళ్ళలో చాలావరకు తప్పు జరిగేది ఇక్కడే.

మన ఉదాహరణలో సాయంత్రం వ్రతానికి వచ్చినవాళ్ళకు పులిహోర, ఒక తీపి మాత్రమే పెడుతున్నామనుకుందాం. మనిషికి 100 గ్రాములు. మొత్తం 4 కిలోల బియ్యం. ఇంటి అర కిలోకు ఇది ఎనిమిది రెట్లు. పట్టికలో పాత కొలత పక్కన "కిలో బియ్యానికి" అని ఒక గడి గీసి, అన్ని సరుకులనూ అందులోకి మార్చి రాసుకోండి. మన లెక్కలో అది పాత కొలతకు రెట్టింపు. చింతపండు 150 గ్రాములు, ఉప్పు 36 గ్రాములు, ఇలాగన్నమాట. ఇకమీదట ఎంతమందికి వండినా ఈ గడి మారదు. బియ్యం ఎన్ని కిలోలన్నది ఒక్కటే మారుతుంది.

దాని పక్కన మరో గడి గీయండి. ఈ గడిలో ప్రతి సరుకు ఎదురుగా ఒక అక్షరం రాయాలి. "బి" అంటే బియ్యం. "గి" అంటే గిన్నె. "నా" అంటే నాలుక. ఆ సరుకు దేన్ని బట్టి పెరుగుతుందో ఆ అక్షరం చెబుతుంది. బియ్యాన్ని బట్టి పెరిగేవాటిని మాత్రమే నిండుగా గుణించాలి. గిన్నెను బట్టి మారేవాటి లెక్క వేరు. నాలుక చూసి తేల్చాల్సినవాటిని తక్కువతో మొదలుపెట్టాలి.

బియ్యంతో పాటు పెరిగేవి ఏమిటి? చింతపండు, పసుపు, వేరుశనగ గుళ్ళు, పప్పులు, ఆవాలు. ప్రతి ముద్దలోనూ ఒక పల్లీ, నాలుగు పప్పు బద్దలు పంటికి తగలాలంటే అన్నం ఎంత పెరిగితే అవీ అంత పెరగాల్సిందే. 4 కిలోలకు చింతపండు 600 గ్రాములు, పల్లీలు 480 గ్రాములు, శనగపప్పు 240 గ్రాములు. వీటిలో తటపటాయించాల్సింది లేదు.

ఉప్పును కూడా ఈ వరసలోనే రాయాలి. పెద్ద వంటలో ఉప్పు తగ్గించి వెయ్యాలని చాలామంది అంటారు. వాళ్ళ అనుభవం నిజమే, కారణం మాత్రం వేరు. అన్నం బరువుకు ఎంత ఉప్పు కావాలో అంతే కావాలి, కుండ పెద్దదైనంత మాత్రాన అది తగ్గదు. తేడా వచ్చేది చెంచా దగ్గర. చిన్న చెంచాతో తలకొట్టి తీసిన మెత్తటి ఉప్పు సుమారు 6 గ్రాములు. కాస్త గోపురంగా తీస్తే 8 గ్రాములు తూగుతుంది. ఇంట్లో 3 చెంచాలు వేసేటప్పుడు ఆ తేడా 6 గ్రాములు, నాలుకకు పెద్దగా తెలియదు. 4 కిలోలకు 24 చెంచాలు వేస్తే తేడా 48 గ్రాములవుతుంది. అంటే 8 చెంచాల ఉప్పు అదనంగా పడినట్టు. రాళ్ళ ఉప్పయితే తేడా తిరగబడుతుంది. పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే చెంచాకు తక్కువ ఉప్పు పడుతుంది. అందుకే కిలో దాటిన వంటకు ఉప్పును చెంచాలతో కాకుండా తూకంతో తీసుకోవాలి. 4 కిలోలకు 144 గ్రాములు. తూచి ఒక గిన్నెలో పెట్టుకుని, అందులో నాలుగో వంతు పక్కన ఉంచి, మిగిలింది కలిపి, రుచి చూసి ఆ తర్వాత చేర్చండి.

ఇప్పుడు గిన్నె సంగతికి వద్దాం. ఈ లెక్కంతటికీ మూలం ఇక్కడే ఉంది.

ఒక గిన్నె తీసుకుని దాని ఎత్తునూ వెడల్పునూ రెండింతలు చేశామనుకోండి. అందులో పట్టేది రెండింతలు కాదు, ఎనిమిదింతలు. సరిగ్గా మనకు కావలసినంత. కానీ ఆ గిన్నె మూతి వైశాల్యం ఎనిమిదింతలు కాదు, నాలుగింతలే పెరుగుతుంది. అడుగు వైశాల్యమూ అంతే. అంటే లోపలి పదార్థం ఎనిమిది రెట్లయినప్పుడు, ఆవిరి పైకి పోవడానికి ఉన్న దారి, మంట తగలడానికి ఉన్న చోటు నాలుగు రెట్లే ఉంటాయి. పెద్ద వంటలో ఇంటి లెక్క తప్పడానికి చాలావరకు కారణం ఇదొక్కటే. నీళ్ళు, నూనె, ఘాటు, సమయం నాలుగూ దీని వల్లే మారతాయి.

నీళ్ళు చూడండి. అన్నానికి మనం పోసే నీళ్ళలో రెండు వాటాలుంటాయి. కొంత బియ్యం పీల్చుకుంటుంది. కొంత ఆవిరైపోతుంది. పీల్చుకునేది బియ్యాన్ని బట్టి పెరుగుతుంది. ఆవిరయ్యేది గిన్నె మూతిని బట్టి, ఉడికే సమయాన్ని బట్టి మారుతుంది. అందుకని గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోసే ఇంట్లో, 20 గ్లాసుల బియ్యానికి 40 గ్లాసులు పోస్తే అన్నం మెత్తబడుతుంది. ఆవిరి కోసం పోసిన నీళ్ళలో కొంత ఆవిరి కాకుండా అన్నంలోనే ఉండిపోతుంది. కూరలకు మెత్తటన్నం పనికొస్తుందేమో గానీ పులిహోరకు పనికిరాదు.

పెద్ద వంటలు చేసేవాళ్ళు ఈ చిక్కును లెక్కతో కాకుండా పద్ధతితో దాటారు. వాళ్ళు గంజి వారుస్తారు. బియ్యానికి నాలుగైదు రెట్ల నీళ్ళు మరిగించి, అందులో బియ్యం పోసి, పలుకు ఉండగానే వార్చేస్తే నీళ్ళు ఇన్ని అన్న ప్రశ్నే ఉండదు. 4 కిలోలకు 16 నుంచి 20 లీటర్ల నీళ్ళు, 30 లీటర్లు పట్టే గుండిగ ఉంటే చాలు. అందుకని పట్టికలో నీళ్ళ ఎదురుగా అంకె రాయకుండా "వార్చాలి" అని రాసుకోండి.

వార్చేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. 4 కిలోల బియ్యం ఉడికితే 10 కిలోలకు పైగా అన్నమవుతుంది. అంత అన్నం ఒకచోట పోగై ఉంటే లోపలి వేడి బయటికి రాలేదు. పొయ్యి మీద నుంచి దించిన తర్వాత కూడా అది ఉడుకుతూనే ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఎప్పుడు దించుతారో దానికన్నా కాస్త ముందే దించాలి. మెతుకును రెండు వేళ్ళ మధ్య నలిపితే లోపల సన్నటి తెల్లటి పలుకు చేతికి తగులుతున్నప్పుడు వార్చి, వెంటనే వెడల్పాటి పళ్ళాల్లో పలచగా పరచాలి. పసుపు, కొంచెం నూనె అప్పుడే వేసి పైపైన కలిపితే మెతుకు మెతుకూ విడిపోతుంది. గుండిగలోనే వదిలేస్తే పైన అన్నం పొడిగా ఉండి, మధ్యలో ఆవిరి పట్టి ముద్దవుతుంది.

తర్వాత పులుసు. ఇంట్లో 75 గ్రాముల చింతపండును గ్లాసు నీళ్ళలో నానబెట్టి, పిసికి, పోపులో పోసి పావుగంట ఉడికిస్తే దగ్గరపడి అంచున నూనె తేలుతుంది. ఎనిమిది రెట్లు చేస్తే 8 గ్లాసుల నీళ్ళు. ఆ నీళ్ళన్నీ ఆవిరైపోవాలి. మూతి నాలుగు రెట్లే పెరిగింది కాబట్టి మంట సరిపడా ఉన్నా సమయం రెట్టింపు పడుతుంది. ఇంటి స్టవ్ మీద మంట పెరగదు కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. అంతసేపు మరిగితే పులుసు రంగు నల్లబడుతుంది, కరివేపాకు వాసన పోతుంది. దీనికి మందు, నీళ్ళు ఎనిమిది రెట్లు పోయకపోవడమే. 600 గ్రాముల చింతపండు మునిగేటంత వేడినీళ్ళు మాత్రమే పోసి నానబెట్టండి. చిక్కగా గుజ్జు తీసి, పిప్పిలో మరో గ్లాసు నీళ్ళు పోసి రెండోసారి పిండండి. ఇలా చేస్తే 5 గ్లాసుల లోపే సరిపోతుంది. చింతపండు మాత్రం తగ్గించవద్దు, తగ్గించేది నీళ్ళే. ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గడియారం చూడకండి. గరిటెతో బాణలి అడుగున గీత గీస్తే అది వెంటనే కూడుకోకుండా ఓ క్షణం నిలవాలి, అంచున నూనె తేలాలి. పట్టికలో సమయం రాసే చోట నిమిషాలకు బదులు ఈ గుర్తు రాసుకుంటే 5 మందికైనా 50 మందికైనా పనికొస్తుంది.

నూనెకు రెండు పనులున్నాయి. పోపు వేగడం ఒకటి, అన్నం మెతుకుకు పట్టడం రెండోది. మొదటిది బాణలి అడుగును బట్టి, రెండోది బియ్యాన్ని బట్టి. అందుకని పట్టికలో నూనె ఎదురుగా "బి", "గి" రెండూ రాయాలి. ఎనిమిది రెట్లంటే 800 మిల్లీలీటర్లు. 600తో మొదలుపెట్టండి. అన్నం కలిపాక పొడిబారినట్టు, గొంతుకు అడ్డం పడేటట్టు ఉంటే మరో 50, 100 కాచి పోసుకోవచ్చు. ఎక్కువైన నూనెను మాత్రం తీయలేం.

పోపు దగ్గర మరో తేడా ఉంది. అరకిలో నూనెకు పైగా కాగిందంటే స్టవ్ కట్టేసినా అది చాలాసేపు చల్లారదు. ఇంట్లో శనగపప్పు బంగారు రంగుకు వచ్చాక స్టవ్ కడతాం. పెద్ద పోపులో ఆ రంగు వచ్చేదాకా ఆగితే, కట్టేసిన తర్వాత అది మాడు రంగుకు తిరుగుతుంది. లేత రంగులో ఉండగానే మంట ఆపాలి. పల్లీలను ముందుగా విడిగా వేయించి తీసేసుకోవడం మేలు. అన్నీ ఒకేసారి పోస్తే నూనె వేడి పడిపోయి, పప్పులు వేగకుండా నూనె పీల్చి గట్టిపడతాయి.

ఇక మూడో అక్షరం, నాలుక. పచ్చిమిర్చి, ఎండుమిర్చి, ఇంగువ. వీటిని నిండుగా గుణించకుండా ముప్పావు వంతుతో మొదలుపెట్టాలి. 8 పచ్చిమిర్చికి ఎనిమిది రెట్లు 64 కదా, 48 చాలు. ఇంగువ 2 చెంచాలు రావాలి, చెంచాన్నర వెయ్యండి. ఎందుకంటే చిన్న పోపులో ఇంగువ, మిర్చి ఘాటులో కొంత ఆవిరితో ఎగిరిపోతుంది, కొంత బాణలికి, గరిటెకు అంటుకుపోతుంది. పెద్ద బాణలిలో, పదార్థం పెరిగినంతగా ఈ నష్టం పెరగదు. కాబట్టి ఎక్కువ ఘాటు వంటలోనే మిగులుతుంది. ముప్పావు అన్నది శాస్త్రం తేల్చిన అంకె కాదు, సరిదిద్దుకోవడానికి చోటు వదిలే అంకె. పైగా మిర్చిని కాయల లెక్కన కొలవడంలోనే పొరపాటుంది. మార్కెట్లో ఒక రోజు దొరికిన మిర్చి కారం మరో రోజు ఉండదు. ఇంట్లో 8 కాయల్లో ఒకటి మరీ కారంగా ఉంటే సర్దుకుంటుంది. ఎక్కువగా కొన్నప్పుడు కాయలన్నీ ఒకే తోటవి కావచ్చు, కారమైతే అన్నీ కారమే. ఒక కాయ కొరికి చూసి, ఆ తర్వాత సంఖ్య తేల్చుకోండి.

అంతా సిద్ధమయ్యాక కలపడం. 10 కిలోల అన్నాన్ని ఒకేసారి కలపబోతే కింద అన్నానికి పులుసు పట్టదు, పైన ఎక్కువవుతుంది, మెతుకు విరుగుతుంది. ఇక్కడ మన కిలో గడి మళ్ళీ పనికొస్తుంది. అన్నాన్ని 4 పళ్ళాల్లో పరచండి, పులుసును 4 గిన్నెల్లోకి తీయండి. ఒక్కో పళ్ళెం ఒక్కో కిలో బియ్యం వంట. ఇప్పుడు మీ ముందున్నది మీ చేతికి అలవాటైన పులిహోర, ఇంట్లో చేసేదానికి రెట్టింపు మాత్రమే. మొదటి పళ్ళెం కలిపి రుచి చూడండి. పులుపు తగ్గిందా, ఉప్పు చాలలేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది. మిగిలిన మూడు పళ్ళాలకు సరిదిద్దుకోవచ్చు. నాలుగూ ఒకేసారి కలిపేస్తే ఆ అవకాశం ఉండదు. కలిపిన వెంటనే పులుపు ఎక్కువగా అనిపిస్తుంది, గంట ఆగితే అన్నం పీల్చుకుని సర్దుకుంటుంది. ఆ మాటా పట్టికలో రాసుకోండి.

మన పాత కొలతలు కూడా ఇలా మెట్లు మెట్లుగా పెరిగేవే. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. సోల నుంచి అడ్డకు మూడు రెట్టింపులు, అంటే ఎనిమిది రెట్లు. కొత్త పట్టికను పరీక్షించడానికి ఇది మంచి దారి. వ్రతానికి వారం పది రోజుల ముందు ఇంట్లో ఒకసారి కిలో బియ్యంతో వండి చూడండి. రెట్టింపులో రుచి ఎటు జరిగిందో, మిగిలిన రెండు రెట్టింపుల్లోనూ అటే జరుగుతుంది.

ఇప్పుడు తగ్గించడం. పట్టిక చేతిలో ఉంది, ఇంట్లో ఇద్దరే ఉన్నారు. 200 గ్రాముల బియ్యం. కిలో గడిలో ఉన్నదంతా ఐదో వంతు చెయ్యాలి. చింతపండు 30 గ్రాములు, ఉప్పు 7 గ్రాములు, అక్కడివరకు చక్కగానే సాగుతుంది. చిక్కు మళ్ళీ గిన్నె దగ్గరే. ఈసారి తిరగబడుతుంది. పదార్థం తగ్గినంతగా గిన్నె తగ్గదు. రోజూ వాడే బాణలిలో 30 గ్రాముల చింతపండు గుజ్జు పోస్తే అది పలచగా పరుచుకుని, ఉడికేలోపే ఎండి అడుగంటుతుంది. కొద్దిపాటి నూనెలో ఆవాలు మునగవు, కొన్ని చిటపటలాడేలోపు కొన్ని మాడతాయి. కుక్కర్ అడుగున పోసే నీళ్ళయితే అసలు తగ్గించకూడదు. ఆ నీళ్ళు ఆవిరి పుట్టడానికి. లోపలి గిన్నెలో గ్లాసు బియ్యం ఉన్నా మూడు గ్లాసులున్నా అవి అవే. ఆ నీళ్ళను కూడా ఐదో వంతు చేస్తే కుక్కర్ మాడుతుంది.

అందుకని ఇద్దరికి వండేటప్పుడు పులుసును తగ్గించవద్దు. కిలో బియ్యానికి సరిపడే పులుసు ఒకేసారి ఉడికించండి. నూనె తేలేదాకా ఉడికిన చింతపండు పులుసు చల్లార్చి, తడిలేని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు వారాలు నిలుస్తుంది. కావలసిన రోజు అందులో ఐదో వంతు తీసుకుని, 200 గ్రాముల బియ్యం అన్నంలో కలుపుకోవచ్చు. పల్లీలు, పప్పుల పోపు మాత్రం చిన్న పోపు గరిటెలో అప్పటికప్పుడు వేసుకుంటే కరకరలాడతాయి. తగ్గించాల్సిన చోట తగ్గించకుండా, వండింది విభజించుకోవడం ఇక్కడి కిటుకు.

ఈ పట్టికను ఫోనులో రాసుకునేవాళ్ళు, పైన ఒక్క గడిలో బియ్యం కిలోలు మార్చగానే కింద అంకెలన్నీ వాటంతటవే మారేలా పెట్టుకోవచ్చు. అయితే నీళ్ళ వరసను, సమయం వరసను ఆ లెక్కకు కట్టకండి. పెంచేటప్పుడు మాత్రం నూనె, మిర్చి, ఇంగువ వరసల్లో ముప్పావుతో కూడా గుణించమని చెప్పండి. యంత్రం అన్ని గడులనూ ఒకేలా చూస్తుంది, "బి", "గి", "నా" అన్న తేడా మనం చెబితేనే దానికి తెలుస్తుంది.

చివరిగా మరో గడి గీసుకోండి. దాన్ని వంటకు ముందు నింపలేం, అందరూ తిని వెళ్ళాక నింపాలి. ఎంత మిగిలింది, నూనె ఎంత అదనంగా పోశాం, పక్కన పెట్టిన ఉప్పులో ఎంత వాడాం, మిర్చి 48 సరిపోయాయా లేదా అన్నవి ఆ రాత్రే రాసిపెట్టండి. నేను చెప్పిన ముప్పావు, 600 మిల్లీలీటర్లు, 5 గ్లాసులు, ఇవన్నీ మొదటిసారి చేయి పట్టుకోవడానికి ఇచ్చిన అంకెలు. మీ బియ్యానికీ, మీ గుండిగకూ, మీ పొయ్యి మంటకూ సరిపోయే అంకెలు ఆ చివరి గడిలోనే తేలతాయి. రెండోసారి వండేటప్పుడు నా లెక్కను పక్కన పెట్టి ఆ గడినే చూసుకోండి.